ఆర్నెల్లు చూద్దామంటే..?

"ఆర్నెల్లు చూద్దామమ్మా, తర్వాత పర్మినెంటు చేస్తాం. ఒకటో తారీఖున వచ్చెయ్."

ఇంటర్వ్యూ ఇంత మంచి మాటతో ముగిస్తే ఎవరు మాత్రం ఇంకేం అడుగుతారు? మా మిత్రుడి కూతురూ అడగలేదు. బస్సెక్కి నరసరావుపేట దాటి వాళ్ల ఊరెళ్లిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్న ఒక్కటే ప్రశ్న వేశాడట. "ఆర్నెల్ల తర్వాత వద్దంటే ఏందమ్మా సంగతి?" మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

ఇది 2025 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు మాట. ఆ అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. నరసరావుపేటలో ఓ ప్రైవేటు కాలేజీ ల్యాబులో అసిస్టెంటు, జీతం 13 వేలు. కొత్త ఉద్యోగం గుంటూరు శివార్లలో మిరప్పొడి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ ల్యాబులో, జీతం 18 వేలు. చేరాలంటే పండగ అయిన మర్నాడే కాలేజీకి రాజీనామా ఇవ్వాలి, అక్కడ పదిహేను రోజుల నోటీసు ఉంది. ఇచ్చాక వెనక్కి తిరిగే దారి లేదు. తండ్రి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. ఆ ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చే డబ్బు ఈ పిల్ల జీతమొక్కటే.

నేను పాతికేళ్లు ఓ స్పిన్నింగు మిల్లు పర్సనల్ డిపార్టుమెంటులో పనిచేశాను. "ఆర్నెల్లు చూద్దాం" అన్న మాట నా నోటితో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అందుకే ఆ మాటకు మా ప్రాంతంలో రెండర్థాలున్నాయని తెలుసు.

ఒక అర్థం అందరికీ తెలిసిందే. ఖాళీ శాశ్వతమైనదే, మనిషి సరిపోతాడో లేదో చూసుకుంటారు. దాన్నే ప్రొబేషన్ అంటాం. రెండో అర్థం పైకి చెప్పరు. ఆ ఖాళీయే ఆర్నెల్లది! పత్తి తీతలు అక్టోబరులో మొదలైతే జిన్నింగు మిల్లులకు మార్చి దాకా ఊపిరాడదు. మిర్చి అయితే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు నిండా టిక్కీలే. మే నెలలో యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చేసరికి సగం సరుకు ఏసీల్లోకి చేరిపోతుంది. మా వైపు కోల్డుస్టోరేజీని ఏసీ అనే అంటారు లెండి. ఫిబ్రవరి ఒకటిన చేరిన మనిషికి ఆర్నెల్లు ఎప్పటికి నిండుతాయి? జులై ఆఖరుకి. అంటే సరిగ్గా సీజను ముగిసి చేతులు ఖాళీ అయ్యే వేళకి. అప్పుడు "నీ పని మాకు నచ్చలేదు" అని ఒక్క ముక్క రాసిస్తే చాలు, ఆ సీజనుకు మనిషి దొరికినట్టూ అవుతుంది, తీసేసినట్టూ ఉండదు.

ఈ తేడా నేను కల్పించింది కాదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది. శాశ్వత ఖాళీలో తాత్కాలికంగా పెట్టుకుని, ఇంకా మూడు నెలలు పూర్తికాని వాడు ప్రొబేషనరు అన్నాయి అవి. కొంతకాలానికే పరిమితమైన పనికి తీసుకున్నవాణ్ని టెంపరరీ అన్నాయి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఒకే పని చేస్తుండవచ్చు. కాగితం మీద మాత్రం ఇద్దరూ వేరు.

అందుకని అమ్మాయితో అన్నాను. "ముందు ఒక్క ప్రశ్న అడుగమ్మా. పోయిన ఆగస్టులో ఈ పని ఎవరు చేశారో కనుక్కో."

"అదేంటి బాబాయ్, అట్టా అడిగితే బాగుంటుందా?"

"మర్యాదగానే అడుగు. నా ముందు ఈ సీట్లో ఎవరున్నారండీ, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు అని."

దానికొచ్చే జవాబులోనే సగం విషయం తెలిసిపోతుంది. "ఉన్నాయన పెళ్లి చేసుకుని హైదరాబాద్ వెళ్లాడు" అంటే ఖాళీ నిజమైనది. "సీజనులో ఒకరిద్దర్ని అదనంగా తీసుకుంటుంటాం" అంటే అర్థమైపోయినట్టే. అయితే ఎగుమతి ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా పని ఉండదనీ కాదు. ఏసీల్లోంచి సరుకు తీసి డిసెంబరు దాకా పొడి ఆడుతూనే ఉంటారు, ప్రతి లాటుకూ పరీక్ష చెయ్యాల్సిందే. కాబట్టి సీజను వ్యాపారమని ఉద్యోగం వదులుకోమని కాదు, ఏ ఖాళీలోకి పిలుస్తున్నారో తెలుసుకోమనే నేను చెప్పింది.

అమ్మాయి అడిగింది. పాతాయన గల్ఫు వెళ్లాడట. హమ్మయ్య అనుకున్నాం.

రెండు రోజులకు ఆఫరు కాగితం మెయిల్లో వచ్చింది. ఒకటిన్నర పేజీ. మా ఇంటికే పట్టుకొచ్చింది. అందులో మూడు వాక్యాల దగ్గర నా కళ్లద్దాలు ఆగిపోయాయి. ప్రొబేషన్ ఆరు నెలలు, యాజమాన్యం అవసరమనుకుంటే పొడిగించవచ్చు. పని సంతృప్తికరంగా ఉంటే రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేస్తారు. ప్రొబేషన్‌లో యాజమాన్యం ఏ నోటీసూ లేకుండా తొలగించవచ్చు, ఉద్యోగి మానుకోవాలంటే మాత్రం 60 రోజుల నోటీసు లేదా ఆ మేరకు జీతం చెల్లించాలి.

చివరిది ముందు చూద్దాం, అది లెక్క కాబట్టి తేలిక. నెలకు 18 వేలు. మూడు నెలలు చేసిందనుకుందాం, చేతికొచ్చింది 54 వేలు. వాతావరణం పడక వెంటనే మానేస్తే 60 రోజులకు 36 వేలు వెనక్కి కట్టాలి. అంటే మూడు నెలల చాకిరీకి మిగిలేది 18 వేలు! అదే వాళ్లు వద్దనుకుంటే సాయంత్రం చెప్పి మర్నాడు గేటు దగ్గర ఆపేయొచ్చు. ఇటువంటి వాక్యం నేనూ టైపు చేయించాను ఒకప్పుడు. ఎవరూ చదవరనే ధీమాతోనే చేయించాను, దాపరికం ఎందుకు? చదివి అడిగినవాళ్లకి మాత్రం ఎప్పుడూ మార్చే ఇచ్చాం. ఇక్కడ రోజులు ఎన్నన్నది కాదు అడగాల్సింది, రెండు వైపులా ఒకటేనా అన్నది.

మొదటి వాక్యంలో కనపడని గొయ్యి ఉంది. పొడిగించవచ్చు సరే, ఎంతవరకు? పై హద్దు లేదు. ఆరు నెలలు దాటినా ఏ కాగితమూ రాకుండా పనిచేయించుకుంటుంటే, "ఇంకేముంది, పర్మినెంటు అయిపోయినట్టే" అని మనవాళ్లు అనుకుంటారు. కాదు. మధ్యప్రదేశ్‌లో ఓ న్యాయాధికారి ప్రొబేషన్ విషయంలో 2001లో సుప్రీంకోర్టు ఈ చిక్కుముడిని మూడు పాయలుగా విడదీసి చెప్పింది. గడువు రాసి, పొడిగించే హక్కూ ఉంచుకుని, పై హద్దు పెట్టకపోతే ఎన్నాళ్లు కొనసాగినా కన్ఫర్మ్ అయినట్టు కాదు. ఇంతకు మించి పొడిగించరాదని పై హద్దు పెడితే, అది దాటాక కూడా కొనసాగించినవాణ్ని కన్ఫర్మ్ అయినట్టే భావిస్తారు. హద్దు ఉన్నా ఫలానా పరీక్ష పాసవ్వాలనీ, విడిగా ఉత్తర్వు ఇవ్వాలనీ షరతుంటే ఆ ఉత్తర్వు వచ్చేదాకా కానట్టే. అది సర్కారు కొలువు గురించిన తీర్పు. ప్రైవేటు కాగితాన్ని చదవడానికీ ఈ కొలబద్ద పనికొస్తుంది.

మూడో రకానికి ఉదాహరణ వెతకడానికి దూరం పోనక్కర్లేదు, మన ఊరి సచివాలయమే ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా పిల్లలు 15 వేల జీతానికి, రెండేళ్ల ప్రొబేషన్ మీద చేరారు. 2021 అక్టోబరు వచ్చేసరికి స్కేలు వస్తుందని ఇళ్లల్లో లెక్కలేసుకున్నారు. రాలేదు. డిపార్టుమెంటు పరీక్ష పాసవ్వాలి, ఆపైన ఉత్తర్వు రావాలి. 2022 జనవరిలో విధులు మాని నిరసనలకు దిగారు. చివరికి ఆ ఏడాది జూన్ నెలాఖరులో ప్రొబేషన్ ఖరారుకు ఉత్తర్వులొచ్చి, జులై నుంచి కొత్త జీతమందింది, అదీ పరీక్ష పాసైనవాళ్లకి. రెండేళ్లన్న అంకె అందరికీ గుర్తుంది. దాని వెనకున్న షరతును ఎంతమంది మొదటి రోజున చదివారు?

ఇక మధ్య వాక్యం, "సంతృప్తికరంగా" అన్నది. ఎవరి సంతృప్తి? ఏం చేస్తే సంతృప్తి? ల్యాబు పనిలో ఇది అడగడం కష్టమేం కాదు, ఎందుకంటే అక్కడ పని కొలతకు అందుతుంది. ఆ ఫ్యాక్టరీలో తేమ చూస్తారు, రంగు చూస్తారు, కారం ఎంతుందో చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ విషం. అది హద్దు దాటితే విదేశాల రేవులోంచి కంటెయినర్ వెనక్కొస్తుంది. అదే శాంపిల్ బయటి ల్యాబుకు కూడా పంపుతారు. ఇక్కడి అంకె, అక్కడి అంకె కలవాలి. కాబట్టి "మూడో నెలకు నేనేం ఒంటరిగా చేయగలగాలి, ఆరో నెలకేం చేయగలగాలి, నా పని ఎవరు చూసి రాస్తారు" అని అడిగితే మేనేజరు దగ్గర జవాబు ఉండి తీరాలి. లేదంటే కన్ఫర్మేషను పని మీద కాదు, మొహమాటం మీద ఆధారపడుతుందన్నమాట. గుమాస్తా ఉద్యోగానికైనా ఇదే. ఏ పుస్తకం, ఏ తేదీకి, ఎన్ని తప్పుల్లోపు.

రాయమన్నాను. గొడవలాగా కాదు, సంతోషంతో మొదలుపెట్టి. తను రాసిన మెయిలు ఇంచుమించు ఇది.

"నమస్కారమండీ. ఆఫర్ లెటర్ అందింది, చాలా సంతోషం. ఒకటో తారీఖున చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంటర్వ్యూలో అడగడం మరిచిన మూడు విషయాలు చెబితే పండగ మర్నాడు కాలేజీలో రాజీనామా ఇస్తాను. ఒకటి, ప్రొబేషన్ పొడిగించాల్సి వస్తే గరిష్ఠంగా ఎన్ని నెలలు? పొడిగిస్తే కారణం రాసి ఇస్తారా? రెండు, కన్ఫర్మేషనుకు ల్యాబులో ఏయే పరీక్షలు ఏ నెలకు సొంతంగా చేయగలగాలి? అది నిర్ణయించేది ఎవరు? మూడు, ప్రొబేషన్‌లో నోటీసు ఇరువైపులా పదిహేను రోజులు, కన్ఫర్మ్ అయ్యాక ఇరువైపులా ముప్ఫై రోజులు పెట్టడానికి వీలవుతుందా? మీ జవాబు కోసం చూస్తుంటాను."

ఇలా అడగడానికి సరైన సమయం ఇదొక్కటే. ఎంపిక కాకముందు అడిగితే పిల్ల ముందే వెళ్లిపోయే ఆలోచనలో ఉందనుకుంటారు. చేరాక అడిగితే సమాధానం చెప్పాల్సిన అవసరం వాళ్లకుండదు. వాళ్లు కావాలనుకున్నాక, మనం రాజీనామా ఇవ్వకముందు దొరికే నాలుగు రోజులే మనవి.

అయితే కథ అంత సాఫీగా సాగలేదు. ఈ ఉద్యోగం చెప్పింది యార్డులో ఓ కమీషన్ వ్యాపారి. తండ్రి ఏటా సరుకు వేసేది ఆయన కొట్లోనే, పెట్టుబడి తెచ్చుకునేదీ ఆయన దగ్గరే. మెయిలు వెళ్లిన సాయంత్రం ఫ్యాక్టరీ మేనేజరు ఆయనకు ఫోను చేసి నవ్వుతూనే అన్నాడట. "మీ అమ్మాయి కోర్టు కాగితాలు అడుగుతోందండీ." ఆయన తండ్రికి చేశాడు. తండ్రి నా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వేందయ్యా, నోటికాడ కూడు చెడగొట్టేట్టున్నావ్! మాట సాయం చేసినాయన మొహం ఎట్టా చూడాలి నేను?"

నాకూ ఒక్క క్షణం గుండె ఆగింది. సిఫార్సు మీద వచ్చిన ఉద్యోగంలో కాగితం అడగడమంటే సిఫార్సు చేసినవాణ్ని నమ్మనట్టే అని మా వైపు లెక్క. ఇక్కడ నాదీ పొరపాటే. మెయిలు కొట్టే ముందు ఆయనకో మాట చెప్పించి ఉండాల్సింది. మర్నాడు తండ్రే వెళ్లి చెప్పాడు. "అయ్యా, మీరు చెప్పారనే పంపుతున్నా. కాలేజీ ఉద్యోగం ఒదులుకుంటోంది గదా, ఆడపిల్ల, రేపు ఏం తేడా వచ్చినా మాట మీకు రాకూడదనే అడిగింది." ఆ చివరి ముక్క పనిచేసింది. వ్యాపారికి కాటా చీటీ విలువ వేరే చెప్పాలా!

మేనేజరు ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోను చేశాడు. మర్యాదస్తుడే. పొడిగింపు మూడు నెలలకు మించదన్నాడు. మూడో నెలకు తేమ, రంగు ఒంటరిగా చెయ్యాలి, ఆరో నెలకు అఫ్లటాక్సిన్ పరీక్ష చేసి బయటి ల్యాబు అంకెతో సరిపోవాలి, చూసేది క్వాలిటీ మేనేజరు. నోటీసు అడిగినట్టే పదిహేను, ముప్ఫై. అయితే ప్రొబేషన్‌లో పని నచ్చకపోతే పంపేసే హక్కు మాత్రం వదులుకోం అన్నాడు. అది న్యాయమే, ప్రొబేషన్ అన్నదే అందుకు. జీతం సంగతీ తనే ఎత్తాడు, కన్ఫర్మ్ అయ్యాక 2,500 పెంచుతామని. లెటరు మాత్రం మళ్లీ మార్చడం కుదరదు, హెడ్డాఫీసు నమూనా అన్నాడు.

ఇలా ఫోనులో అన్నీ ఒప్పుకుని కాగితం మార్చననేవాళ్లే ఎక్కువ. దానికో ఉపాయముంది. ఫోను పెట్టేసిన గంటలో, వాళ్లు చెప్పిందే మనం రాసి పంపాలి. "ఇందాక మీరు ఫోనులో చెప్పినవి ఇలా అర్థం చేసుకున్నాను, పొరపాటుంటే చెప్పండి" అని. "ఓకే" అన్న రెండక్షరాలు తిరిగొస్తే చాలు. అది కొత్త లెటరంత బలమైనది కాకపోవచ్చు, కానీ రేపు ఎవరి ముందైనా పెట్టడానికి మన దగ్గర ఏదో ఒకటుంటుంది. ఏమీ రాకపోయినా మనం పంపిన తేదీ ఉంటుంది. ఆ అమ్మాయికి ఓకే వచ్చింది. పండగ మర్నాడు రాజీనామా ఇచ్చింది.

అసలు లెటరే ఇవ్వని చోట ఏంటని అడిగేవాళ్లున్నారు. జిన్నింగుల్లో, కొట్లలో అదే ఎక్కువ. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటిలో పని భద్రతకు సంబంధించిన కోడ్ ప్రకారం, పదిమంది అంతకు మించి పనిచేసే సంస్థ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. వేతనాల కోడ్ ప్రకారం మానుకున్నా తీసేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. అయితే స్టాండింగ్ ఆర్డర్లు ఇప్పుడు 300 మంది, ఆపైన ఉన్న చోటే తప్పనిసరి. మన మిల్లులు, ఏసీలు చాలావరకు అంతకంటే చిన్నవి. అక్కడ నీ చేతిలో ఉన్న కాగితమే నీ నిబంధన. కొట్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు మరో రక్ష ఉంది. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988లోని 47వ సెక్షను. వరసగా ఆరు నెలలు చేసినవాణ్ని సరైన కారణం లేకుండా తీసెయ్యాలంటే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలంటుంది అది. అందుకే కొందరు అయిదున్నర నెలలకే లెక్క చూసేస్తుంటారు. ఆ తేదీ మీద ఓ కన్నేసి ఉంచడం మంచిది.

మళ్లీ మన అమ్మాయి దగ్గరకొస్తే, ఫిబ్రవరి ఒకటిన చేరింది. జులై 31 వచ్చింది, వెళ్లింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆగస్టు ఒకటిన తనే మెయిలు పెట్టింది, నిన్నటితో ఆర్నెల్లు పూర్తయ్యాయండీ అని. అయిదారు రోజులకు జవాబొచ్చింది. రెండు లాట్లలో బయటి ల్యాబు అంకెతో తేడా వచ్చినందువల్ల మూడు నెలలు పొడిగిస్తున్నామని. ఇంట్లో ఏడుపు. నేను మాత్రం కాగితం చూసి ఊపిరి పీల్చుకున్నా. కారణం రాశారు, తేదీ రాశారు, అక్టోబరు 31. ఆ తేడా ఎక్కడొచ్చిందో కూడా తర్వాత తెలిసింది. టిక్కీ పైభాగం నుంచి మాత్రమే శాంపిల్ తీస్తోందట, బూజు అడుగున ఉంటే ఇక్కడి పరీక్షకు దొరకదు. క్వాలిటీ మేనేజరే పక్కన నిలబడి, టిక్కీ మూడు చోట్ల నుంచీ తీయడం నేర్పాడు.

నవంబరు మొదటి వారంలో కన్ఫర్మేషను లెటరు వచ్చింది. కమీషన్ వ్యాపారికి స్వీటు డబ్బా కూడా వెళ్లింది. జీతం పెంచారు, 2,000. ఫోనులో చెప్పింది 2,500 కదా అని అడిగితే, "అలా అన్నానా అమ్మా?" అన్నాడట మేనేజరు. ఆ రోజు రాసి పంపిన మెయిలు తీసి చూసుకున్నాం. గడువు, పరీక్షలు, నోటీసు అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క అంకే రాయడం మర్చిపోయింది.